ఆ 0.3 ఓమ్ ఎవరిది?

పొద్దున్నే బాబాయి ఫిషింగ్ హార్బర్ నుంచి స్టార్టర్ కేబులు భుజాన వేసుకొని వచ్చాడు. సెల్ఫ్ కొడితే పడవ ఇంజను మూలుగుతోందట. బ్యాటరీ కొత్తదే. స్టార్టర్ వేరే పడవకి పెడితే బాగానే తిరిగింది. "ఇంక మిగిలింది ఇదొక్కటేరా, ఏటయిందో చూడు" అన్నాడు.

మల్టీమీటర్‌ని ఓముల్లో పెట్టి రెండు చివర్లా ప్రోబులు ఆనిస్తే 0.3. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించినా 0.3! అంటే నేను కొలిచింది మీటరు తీగల్నే. రెండు మీటర్ల పొడవు, 35 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగికి ఉండాల్సింది ఒక మిల్లీఓమ్. మీటరులో కదిలే చివరి అంకే వంద మిల్లీఓములు. తీసివేసి చూసుకుందామన్నా, ప్రోబు కాస్త గట్టిగా నొక్కితే ఆ అంకె మారిపోతోంది.

అందుకే నాలుగు తీగలు. పవర్ సప్లైని 5 ఆంపియర్లకి కట్టి, రెండు తీగలతో కేబులులోకి కరెంటు పంపాను. వీటిలో ఎంత ఓల్టేజి పోయినా సప్లై ఆ మేరకు ఎక్కువ ఇస్తుంది, కరెంటు మాత్రం 5 దగ్గరే నిలుస్తుంది. ఓల్టేజి చూడటానికి మీటరుకి వేరే రెండు తీగలు. మీటరు లోపల కోటి ఓములు ఉంటాయి కాబట్టి ఈ తీగల్లో పారే కరెంటు నానో ఆంపియర్లలో ఉంటుంది. అంత సన్నటి కరెంటుకి తీగలో పోయే ఓల్టేజి ఎంతని? నమ్మకం కుదరక ఓ తీగ తీసి పాత, పొడవాటి తీగ పెట్టి చూశాను. అంకె కదల్లేదు.

ముందు మాత్రం తప్పు చేశాను. మీటరు ప్రోబుల్ని కరెంటు క్లిప్పుల మీదే పెట్టేసరికి 60 మిల్లీఓల్టులు చూపించింది, నేను కంగారు పడ్డాను. క్లిప్పు కేబులు చివరున్న లోహపు లగ్గుని పట్టుకున్న చోట ఉన్న రెసిస్టెన్సు కూడా లెక్కలోకి వచ్చేసింది. ప్రోబుల్ని క్లిప్పులకి లోపలి వైపు, లగ్గు లోహం మీదకి జరిపితే 21.2కి దిగింది. కరెంటు ఆపితే 0.0. 21.2ని 5 ఆంపియర్లతో భాగిస్తే 4.2 మిల్లీఓములు, ఉండాల్సినదానికి నాలుగు రెట్లు.

అసలు సుఖం ఇక్కడే ఉంది. ఒక ప్రోబు లగ్గు మీదే ఉంచి, రెండోది లగ్గుని కేబులుకి నొక్కి బిగించిన క్రింపు దాటగానే కనిపించే రాగి మీద గుచ్చాను. 16.1! అవతలి లగ్గు దగ్గర 0.2. మధ్యలో కేబులంతా కలిపి 4.9. దొంగ ఆ ఒక్క క్రింపే. స్టార్టర్ 200 ఆంపియర్లు లాగితే అక్కడ 0.6 ఓల్టు పైనే పోతుంది, అదంతా వేడి కింద మారుతుంది.

"అదా! అక్కడ చెయ్యి పెడితే సుర్రుమంటోందిరా" అన్నాడు బాబాయి. ఆ మాట ముందే చెప్పుంటే సగం పూట మిగిలేది.

లగ్గు కోస్తే లోపల రాగి పోగులన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఉప్పుగాలి మరి. మంచి రాగి కనిపించేదాకా కోసి, కొత్త లగ్గు నొక్కి మళ్లీ కొలిస్తే ఈ చివర నుంచి ఆ చివరకి 5.3 మిల్లీఓల్టులు. చీకటి పడుతుంటే కేబులు భుజాన వేసుకొని బాబాయి హార్బరుకి నడిచాడు.