మూడు నుంచి మూడున్నర దాకా

2024 సెప్టెంబర్ 27, శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటగానే నా తెరపై దివీస్ ల్యాబ్స్ షేర్ల వాల్యూమ్ గీతలు ఒకదాన్ని మించి ఒకటి లేచాయి. ఆ తర్వాతి సోమవారం, అంటే సెప్టెంబర్ 30 నుంచి, నిఫ్టీ 50 సూచీలో దివీస్, ఎల్‌టీఐమైండ్‌ట్రీల స్థానంలో ట్రెంట్, భారత్ ఎలక్ట్రానిక్స్ వచ్చాయి.

అప్పట్లో చివరి అరగంట లావాదేవీల సగటే ముగింపు ధర, సూచీ మారేది ఆ ధరకే కనుక, సూచీలోని షేర్లనే అదే పాళ్లలో కొని ఉంచే ఇండెక్స్ ఫండ్ ముందు అమ్మినా తర్వాత అమ్మినా సూచీకి దూరం జరుగుతుంది.

మార్పును ఆగస్టులోనే ప్రకటించారు కాబట్టి, ట్రెంట్‌ను ముందే కొని ఉంచుకున్నవారు ఆ అరగంటలో ఫండ్లకు అమ్ముకునే వీలుండేది. అలా పెరిగిన ధర భారం ఫండ్ మదుపరులదే. కానీ సూచీ కూడా అదే ధరకు కొన్నట్టు లెక్క గనుక, ఫండ్ రాబడికీ సూచీ రాబడికీ మధ్య ఉండే ట్రాకింగ్ తేడాలో అది కనిపించదు. నన్ను బాధించేది అదే.