జీతం పెంచమని కోరే ఈమెయిల్: నా ఉత్తరాల నోటుపుస్తకం నుంచి

ఉత్తరాలు రాయడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అభిరుచి. నల్లగొండలో తెలిసినవారికి అవసరమైన ఉత్తరాలు రాసిపెడుతూ, ఒక్కో ఉత్తరం ఎన్నిసార్లు మారిందో, ఏ వాక్యం ఎందుకు తీసివేశానో నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఈసారి రాసింది మా అక్క కూతురి కోసం. ఆమె మహబూబ్‌నగర్‌లో ఇంటి నుంచే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజనీరు. అనుభవం నాలుగేళ్లు. హైదరాబాదులోని ఒక కంపెనీ ఆమెకు ఆఫర్ లెటర్ పంపి, వచ్చే బుధవారంలోగా జవాబు ఇవ్వాలని కోరింది.

గురువారం, సాయంత్రం

ఉత్తరం మొదలుపెట్టే ముందు అంకెలు చూశాము. ప్రస్తుత జీతం సీటీసీ లెక్కన, అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు లెక్కన, ఏడాదికి 6,00,000 రూపాయలు, కొత్త ఆఫర్ 7,20,000. ఇరవై శాతం పెరిగిందని ఇంట్లో అందరూ సంతోషించారు. కానీ కొత్త మొత్తంలో 72,000 వేరియబుల్ పే ఉంది. అది కంపెనీ ఫలితాలనూ, వ్యక్తిగత పనితీరునూ బట్టి వచ్చేది కాబట్టి పూర్తిగా వస్తుందని లెక్కవేసుకోలేము. మిగిలిన స్థిర జీతం 6,48,000లోనే యజమాని కట్టే పీఎఫ్ నెలకు 1,800 చొప్పునా, గ్రాట్యుటీ కింద మూలవేతనంలో 4.81 శాతమూ కలిసి ఉన్నాయి. మూలవేతనం సీటీసీలో సగం. ఇవి తీసివేసి, ఆమె వాటా పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200 కూడా పోగా చేతికి వచ్చేది నెలకు సుమారు 48,750. ఇప్పుడు ఇదే పద్ధతిలో లెక్కిస్తే సుమారు 45,000 వస్తోంది. అంటే కాగితం మీద ఇరవై శాతంగా కనిపించిన పెంపు చేతికి వచ్చేసరికి ఎనిమిది శాతానికి కొంచెం పైనే ఆగిపోతోంది.

ఈ లెక్క ఉత్తరంలో పెట్టడానికి కాదు. ఏ అంకెను మార్చమని అడగాలో తెలుసుకోవడానికి మాత్రమే. మొత్తం సీటీసీని పెంచమని అడిగితే వేరియబుల్ పెంచి ఇచ్చినా అది పెంపుగానే లెక్కకు వస్తుంది. అందుకే మా కోరిక స్థిర జీతం మీద ఉండాలని నిర్ణయించుకున్నాము.

శుక్రవారం

నేను ముందు తెలుగులో రాసి, వాక్యాలు కుదిరాక ఇంగ్లీషులోకి మారుస్తాను. మాతృభాషలో రాసినప్పుడు గొంతు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో చెవికి తెలుస్తుంది.

మొదటి ప్రతి ఆమే రాసింది. చాలా పొడవుగా వచ్చింది. హైదరాబాదులో గది అద్దె, రాకపోకల ఖర్చు, తమ్ముడి చదువు అన్నీ అందులో ఉన్నాయి. అవి నిజమైన కష్టాలే కాబట్టి తీసివేయమని చెప్పడానికి నాకు మనసు ఒప్పలేదు, అయినా తీసివేయించాను. ఉత్తరం అందుకున్న హెచ్‌ఆర్ ఉద్యోగినికి తనంతట తాను జీతం పెంచే వీలు ఉండదు. ఆమె దానిని టీమ్ మేనేజరుకో, ఫైనాన్స్ విభాగానికో పంపి అనుమతి తీసుకోవాలి. మన ఉత్తరాన్ని చివరికి చదివేది మనతో ఒక్కసారి కూడా మాట్లాడని మనిషి. ఆయన ముందు నిలబడే కారణం పనికి సంబంధించినదై ఉండాలి. అద్దె ఎవరికైనా ఉంటుంది, దానివల్ల ఈ ఉద్యోగం విలువ పెరిగినట్టు ఆయన రాసుకోలేడు.

పనికి సంబంధించిన కారణాలు వెతికితే రెండు దొరికాయి. ఉద్యోగ ప్రకటనలో లేని బాధ్యత ఒకటి ఆఫర్ లెటర్‌లో ఉంది: ఇద్దరు జూనియర్ల పనిని ఆమె చూసుకోవాలి. రెండవది, ప్రస్తుత ఉద్యోగంలో ఆమె 320 పరీక్షలను ఆటోమేట్ చేసి, మూడు రోజులు పట్టే పరీక్షల వరుసను ఆరు గంటలకు తెచ్చింది. ఈ రెండూ చాలు. ఐదారు కారణాలు చెబితే చదివేవారు అన్నిటికంటే బలహీనమైన దానికే జవాబిస్తారు.

శనివారం

బావ ఫోను చేశాడు. ఆయన ఏటా వడ్లు మిర్యాలగూడ మిల్లులకు తీసుకుపోయి అమ్ముతాడు, ధర దగ్గర గట్టి మనిషి. "ఇస్తే ఇయ్యమను, లేకుంటే రానని రాయి బిడ్డా, దెబ్బకు దిగొస్తరు" అని కూతురికి చెప్పాడు. ఆయన మాటను తేలికగా తీసుకోలేదు. మిల్లు ముందు ట్రాక్టరు తిప్పుకొని పోతే పక్క మిల్లు ఉంటుంది, మిల్లువాడు పరుగెత్తివచ్చి ఇంకో పది రూపాయలు వేస్తాడు, ముఖం చూస్తూనే మాట వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఈమెయిల్‌లో ముఖం కనిపించదు, రాసిన మాట రాసినట్టే ఉండిపోతుంది. పైగా మా మేనకోడలికి ఆ ఉద్యోగం కావాలి. అది ఇవ్వకపోతే రానని రాసి, ఇవ్వకపోయినా చేరితే, మొదటి రోజు నుంచే ఆమె మాటకు బరువు ఉండదు.

ఆ సాయంత్రం రెండవ ప్రతిలో హెచ్చరికగా వినిపించే ముక్కలను ఎర్ర సిరాతో గీశాను. తెలుగులో ఇవి సులువుగా దొరుకుతాయి: "ఇస్తేనే", "లేకపోతే", "కనీసం ఇంత", "ఇంతకంటే తక్కువకు". వేరే కంపెనీలు కూడా పిలుస్తున్నాయన్న వాక్యం ఒకటి ఉంది. చేతిలో రెండవ ఆఫర్ లేనప్పుడు అలా రాయడం అబద్ధం. ఆ లెటర్ చూపించమని అడిగితే చూపడానికి ఏమీ ఉండదు. దానిని కొట్టివేశాను.

తరువాత నీలి సిరాతో రెండవ రకం గీతలు గీశాను. ఇవి గొంతు మరీ తగ్గిన చోట్లు: "మీకు వీలుంటే కొంచెం", "ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి", "మీరు ఎంత ఇచ్చినా సంతోషమే". చివరిది ఒక్కటి ఉంటే చాలు, మిగిలిన ఉత్తరమంతా వృథా అవుతుంది. ఆ ప్రతిలో నీలి గీతలు ఎర్ర గీతల కంటే ఎక్కువ వచ్చాయి. అంకె, కారణం మన వైపు నుంచి స్పష్టంగా చెప్పి, నిర్ణయాన్ని వారి చేతిలో ఉంచడమే నేను వెతుకుతున్న గొంతు. మర్యాద కోసం అంకెను మసకగా చేయనక్కరలేదు.

ఆదివారం

అంకె తేల్చుకున్నాము. "6,90,000 నుంచి 7,20,000 వరకు" అని ఆమె రాసింది. పరిధి ఇస్తే అవతలివారికి కనిపించేది కింది అంకె ఒక్కటే కాబట్టి ఒకే అంకె పెట్టమన్నాను. 7,20,000 వారే రాసిన అంకె. దానిని పూర్తిగా స్థిర జీతంగా ఇచ్చి, వేరియబుల్‌ను దానిపైన ఉంచమని అడగడం వినడానికి కూడా సహజంగా ఉంది. స్థిర జీతంలో తేడా 72,000, అంటే పదకొండు శాతానికి కొంచెం ఎక్కువ.

నాలుగవ ప్రతిలో ఉత్తరం ఇలా స్థిరపడింది. పంపింది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగు మూలం ఉంచుతున్నాను.

"నమస్కారం. ఆఫర్ పంపినందుకు కృతజ్ఞతలు. మీ బృందంతో జరిగిన సంభాషణల తరువాత ఈ ఉద్యోగంలో చేరాలన్న ఆసక్తి నాకు పెరిగింది.

జీతం విషయంలో ఒక అంశాన్ని మీ పరిశీలనకు తెస్తున్నాను. ఆఫర్‌లో ఇద్దరు జూనియర్ ఇంజనీర్ల పర్యవేక్షణ కూడా ఉంది. ప్రకటనలో ఉన్న బాధ్యతలకు ఇది అదనం. నా ప్రస్తుత ఉద్యోగంలో 320 పరీక్షలను ఆటోమేట్ చేసి, మూడు రోజుల పనిని ఆరు గంటలకు తగ్గించాను. ఇక్కడ కూడా ఆ పనిని మొదట్లోనే చేపట్టగలను. వీటిని దృష్టిలో ఉంచుకొని స్థిర జీతాన్ని 7,20,000గా, వేరియబుల్ 72,000ను దానికి అదనంగా సవరించడాన్ని పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

బుధవారంలోగా జవాబు ఇవ్వాలని మీరు కోరిన విషయం నాకు గుర్తుంది. దీనిపై మాట్లాడడం అవసరమైతే సోమ, మంగళవారాల్లో ఎప్పుడైనా అందుబాటులో ఉంటాను."

గడువును ప్రస్తావించిన తీరు నాకు తృప్తినిచ్చింది. అది వారు పెట్టిన గడువే కాబట్టి ఒత్తిడిగా వినిపించదు, అయినా జవాబు ఎప్పటిలోగా రావాలో గుర్తుచేస్తుంది. 

సోమవారం

ఉదయం పది గంటలకు, ఆఫర్ వచ్చిన అదే మెయిల్‌కు జవాబుగా పంపించాను. ఆమోదం బటను నొక్కకముందే పంపాలి. నొక్కిన తరువాత అడిగేది ఒప్పుకున్న మాటను మార్చమని అడగడమే అవుతుంది.

మంగళవారం

మధ్యాహ్నం హెచ్‌ఆర్ నుంచి ఫోను వచ్చింది. మెయిల్‌లో పెట్టని షరతు ఫోనులో నోరు జారి వచ్చేస్తుందని భయపడి, ముందు రోజే ఒక వాక్యాన్ని ఆమెతో పలికించి ఉంచాను. అనుకున్న ప్రశ్నే వచ్చింది: "7,20,000 ఇవ్వకపోతే మీరు చేరరా?" ఔనంటే బెదిరింపు, కాదంటే అడగడం మానుకున్నట్టు. ఆమె నిదానంగా చెప్పింది: "చేరాలనే ఉద్దేశంతోనే రాశానండి. పెరిగిన బాధ్యతకు తగినట్టు మీ పరిధిలో ఎంతవరకు సవరించగలరో చూసి చెప్పగలరా?" ఆ తరువాత మౌనంగా ఉండమన్నాను, ఉంది. ఆ స్థాయి ఉద్యోగానికి తమ జీతాల పట్టికలో 7,20,000 స్థిర జీతం లేదనీ, 6,84,000 వరకు అనుమతి అడుగుతాననీ అవతలివారు చెప్పారు.

ఈ మార్గానికి హద్దు ఇక్కడే ఉంది. పట్టిక పై అంచు దాటించగల వాక్యం నా దగ్గర లేదు. క్యాంపస్ నియామకాల్లో అందరికీ ఒకే జీతం పెడితే ఇంతవరకు కూడా రాదు. ఆరు నెలలకు జీతం సమీక్షించగలరా అని ఆమె అప్పుడు అడిగింది. సమీక్ష ఏడాదికి ఒకసారేనని జవాబు వచ్చింది. దీనిని మొదటి మెయిల్‌లో పెట్టకపోవడం నేను కావాలనే చేశాను. అక్కడ ఉంటే జీతం పెంచకుండా సమీక్ష మాట ఇచ్చి ముగించే వీలు ఉండేది.

అరగంటలో రెండవ మెయిల్ వెళ్లింది, మూడే వాక్యాలు. మాట్లాడినందుకు కృతజ్ఞతలు. స్థిర జీతం 6,84,000, వేరియబుల్ 72,000 అన్న ప్రతిపాదనకు అనుమతి కోరుతున్నారని నాకు అర్థమైంది. సవరించిన ఆఫర్ లెటర్ అందగానే ఆమోదం పంపుతాను, అందుకు బుధవారం దాటేటట్లయితే గడువును ఆ మేరకు పొడిగించవలసిందిగా కోరుతున్నాను.

శుక్రవారం

గడువు రెండు రోజులు పొడిగించారు, ఈ ఉదయం సవరించిన లెటర్ వచ్చింది. మొత్తం 7,56,000. చేతికి నెలకు సుమారు 51,700, అంటే మొదటి ఆఫర్ కంటే 2,900 ఎక్కువ. మేము లెటర్‌ను వాక్యం వాక్యంగా చదివాము. మూలవేతనం సగమే ఉంది, వేరియబుల్ పెరగలేదు, చేరే తేదీ మారలేదు. జూనియర్ల పర్యవేక్షణ అన్న మాట కూడా అలాగే ఉంది, వచ్చే ఏడాది సమీక్షలో అది పనికివస్తుంది కాబట్టి ఆ పుట ప్రతిని విడిగా దాచుకోమన్నాను. ఆమె పదకొండు గంటలకు ఆమోదం పంపి, "మామా, నాన్నకు నువ్వే చెప్పు" అంది. బావకు ఫోను చేసి చేతికి వచ్చే అంకె చెప్పాను.