ఎదిగే చెయ్యి, ఎదగని మచ్చ

మా అమ్మాయికి మూడేళ్లప్పుడు వార్చిన గంజి మీద పడి కుడి చెయ్యి కాలింది. మోచేతి లోపలి మడత నుంచి ముంజేతి సగం దాకా. వెంటనే కుళాయి కింద పెట్టి చాలాసేపు నీళ్లు పోశాం, అమలాపురం తీసుకెళ్లి చూపించాం, డ్రెస్సింగులు చేయించాం. పుండు పూర్తిగా మూసుకోవడానికి నెల దాటింది. ఆ నెల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నేను రాయాలనుకున్నది ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ మచ్చతో మేం పడ్డ పాట్ల గురించి.

ఆఖరి డ్రెస్సింగ్ రోజున డాక్టరుగారు ఒక మాట చెప్పారు. రెండు మూడు వారాల్లో మానిన కాలిన గాయానికి మచ్చ అంతగా లేవదట. అంతకంటే ఆలస్యమైందంటే లోతుగా కాలినట్టు, కాబట్టి మచ్చ లావెక్కుతుంది, కీలు మీద ఉంది కనుక చెయ్యి ముడుచుకుపోతుంది, ఇప్పట్నుంచే ఫిజియోథెరపీ మొదలుపెట్టండి అన్నారు. ఆ రోజుకి చెయ్యి చక్కగానే చాపుతోంది. మచ్చ కూడా పల్చగా, గులాబీ రంగులో ఉంది. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "ఎదిగే పిల్ల కదే, ఒళ్లు పెరిగితే అదే సాగుద్ది" అంది మా అత్తగారు. మా వీధిలో అందరిదీ అదే మాట.

జరిగింది దానికి పూర్తిగా తిరగబడి. నెలన్నర తిరిగేసరికి మచ్చ ఎర్రగా ఉబ్బి గట్టిపడింది. రాత్రిళ్లు ఒకటే దురద. మోచెయ్యి వంచితే పిల్లకి హాయిగా ఉంటుంది కాబట్టి అన్నం తిన్నా, ఆడుకున్నా, పడుకున్నా చెయ్యి వంచుకునే ఉండేది. ఫిజియోథెరపిస్టు అమ్మాయి కోణం కొలిచే స్కేలు పెట్టి చూసి, నిటారుగా రావడానికి ముప్ఫై అయిదు డిగ్రీలు తక్కువుందని చెప్పింది. "హాయిగా అనిపించే భంగిమే బిగుసుకుపోయే భంగిమ అండీ" అంది. మానుతున్న మచ్చలో ఉండే కణాలు గాయం అంచుల్ని దగ్గరకు లాగుతూనే ఉంటాయట, పైన చర్మం మూసుకున్నాక కూడా ఆ లాగుడు నెలల తరబడి ఆగదు. మామూలు చర్మానికి ఉండే సాగే గుణం మచ్చకి చాలా తక్కువ. లోపల ఎముక పొడుగవుతుంది గానీ మచ్చ దాంతో పాటు పెరగదు. అంటే పిల్ల ఎదగడం మాకు సాయం కాదు, ఎదురు.

అక్కణ్ణుంచి రోజంతా మచ్చ చుట్టూనే తిరిగింది. స్నానం చేయించాక చర్మం మెత్తగా ఉన్నప్పుడే మొదలుపెట్టేదాన్ని. కొంచెం కొబ్బరి నూనె రాసి బొటనవేలితో మచ్చని నొక్కి, అది తెల్లబడ్డాక అక్కడే చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు కదపాలి. పైపైన రుద్దకూడదు, వేలూ మచ్చా కలిసి కింది కండ మీద కదలాలి. రుద్దితే కొత్త చర్మం బొబ్బలెక్కుతుంది.

తర్వాత సాగదీయడం. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, మోచేతికి కాస్త ఎగువన చెయ్యి కింద తువ్వాలు చుట్ట పెట్టి, అరచెయ్యి పైకి ఉంచి, ఒక చేత్తో భుజం దగ్గర పట్టుకుని, రెండో చేత్తో మణికట్టుని నెమ్మదిగా నేల వైపు నొక్కాలి. ఎంతవరకు అనేదానికి గుర్తు మచ్చే చూపిస్తుంది. సాగేకొద్దీ దాని ఎరుపు పోయి తెల్లగా పాలిపోతుంది. అక్కడ ఆపి నెమ్మదిగా ముప్ఫై లెక్కపెట్టాలి, వదలాలి, మళ్లీ. ఒక విడతలో అయిదారు సార్లు, రోజుకి నాలుగైదు విడతలు. తెల్లబడకుండా వదిలేస్తే ఆ విడత చేసినా చెయ్యనట్టే. అలాగని ఒక్క ఊపున లాగకూడదు. మచ్చ చిట్లుతుంది, చిట్లిన చోట మానేది మళ్లీ మచ్చగానే. పిల్ల ఏడుస్తుంటే మా అత్తగారు వచ్చి "వదిలెయ్యవే, చంపేస్తావా ఏంటి" అని నా చెయ్యి లాగేసేవారు. తెల్లబడడం ఏంటో ఆవిడకి దగ్గర కూర్చోబెట్టి చూపించాక, మధ్యాహ్నం విడత ఆవిడే తీసుకున్నారు. ముప్ఫై లెక్కబెట్టే బదులు గోవింద నామాలు చదివేవారు. నాకంటే ఎక్కువసేపే పట్టి ఉంచేవారనుకుంటాను.

రాత్రికి స్ప్లింటు. మోచెయ్యి చాపిన స్థితిలో పట్టి ఉంచే ప్లాస్టిక్ పలక, పిల్ల చేతి కొలతకి వేడి చేసి వంచి ఇచ్చారు. పగలంతా సాగదీసింది రాత్రి పడుకున్నప్పుడు ముడుచుకోకుండా ఉండడానికి అది. కట్టిన అరగంటకి వేళ్లు చూడమన్నారు. నీలంగా మారినా, వాచినా, తిమ్మిరి అని పిల్ల చెప్పినా విప్పి వదులుగా కట్టాలి.

మచ్చని నొక్కి ఉంచే బిగుతు తొడుగు, ప్రెజర్ స్లీవు గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకుంటారు. పుండు పూర్తిగా మూసుకుని, చర్మం బట్ట రాపిడికి తట్టుకునేలా అయ్యాకే దాన్ని మొదలుపెడతారు. చేతిని నాలుగైదు చోట్ల టేపుతో కొలిచి కుట్టిస్తారు. రోజుకి ఇరవై మూడు గంటలు ఉంచాలి, స్నానానికీ మాలిష్‌కీ తప్ప తియ్యకూడదు. ఒకటి ఉతికితే ఒకటి వెయ్యడానికి రెండు జతలు కావాలి. సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా నీడన ఆరేయాలి. మా కోనసీమలో శ్రావణ మాసపు ముసురులో అది ఆరడమే పెద్ద టెన్షన్. మే నెలలో ఇంకో బాధ, కరెంటు పోయిందంటే లోపల చెమట పట్టి పొక్కులు. పొక్కులు లేచినప్పుడు ఆ ఒక్కరోజు తీసి ఉంచి, తగ్గాక మళ్లీ వేసేదాన్ని. సులువుగా ఎక్కిపోతోందంటే ఎలాస్టిక్ పట్టు పోయినట్టు. మూడు నెలలకోసారి కొత్తది కుట్టించాల్సి వచ్చేది, ఈలోపు చెయ్యి కూడా పెరిగేది.

స్లీవు ముంజేతి మచ్చని బాగా అణిచింది, పల్చబరిచింది. కానీ మోచేతి మడతలో పెద్దగా పనిచెయ్యలేదు. కారణం అక్కడ గుంట ఉండడం. బట్ట గుండ్రంగా ఉన్నచోట నొక్కుతుంది, గుంట మీద వంతెనలా నిలబడిపోతుంది. పైగా చెయ్యి వంచినప్పుడల్లా అక్కడే ముడతలు పడి ఒరుసుకునేది. అందుకని మడతలో సిలికాన్ షీటు ముక్క పెట్టి దాని మీద స్లీవు వెయ్యమన్నారు. షీటుని రోజూ కడగాలి, లేకపోతే దద్దుర్లు. దాంతో కొంత మెత్తబడింది. ఏమైనా స్లీవు చేసేది మచ్చ ఎత్తు తగ్గించడం, దురద తగ్గించడం. ముడుచుకున్న చెయ్యిని అది చాపదు. స్లీవు వేశాం కదా అని సాగదీయడం ఆపేసిన వాళ్లని ఆ ఫిజియోథెరపీ గదిలోనే చూశాను.

ఇంట్లో కొలుచుకోవడానికి మాకు స్కేలు లేదు. పిల్లని గచ్చు మీద పడుకోబెట్టి, అరచెయ్యి పైకి పెట్టి చెయ్యి చాపమని, మణికట్టు వెనక్కీ గచ్చుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూసేదాన్ని. ఎడమ చెయ్యి గచ్చుకి ఆనేది. కుడి చెయ్యి కింద మొదట్లో నా నాలుగు వేళ్లు ఒకదాని మీద ఒకటిగా పట్టేవి. ఆ అంకె నెలనెలా క్యాలెండర్ మీద రాసేవాళ్లం. ఏడాదిన్నరకి రెండు వేళ్లు పట్టేంతకి వచ్చింది, స్కేలు మీద పది డిగ్రీలు. మచ్చ ఎరుపు పోయి, చుట్టుపక్కల చర్మం రంగుకి దగ్గరయి, నొక్కితే మెత్తగా ఉంది. మచ్చ ముదిరింది, అంటే లావెక్కే దశ దాటింది, ఇక స్లీవు తీసెయ్యొచ్చు అన్నారు.

అప్పుడే ఆపరేషన్ మాట మేమే ఎత్తాం, కాకినాడలో ప్లాస్టిక్ సర్జన్ దగ్గర. ఆయన వద్దన్నారు. పది డిగ్రీల లోటుతో ఏ పనీ ఆగదు, రాయడం, జడ వేసుకోవడం, బరువు ఎత్తడం అన్నీ వస్తాయి. అంతకుముందు మచ్చ ఎర్రగా ఉన్నప్పుడు కోసి ఉంటే, కోసిన చోట మళ్లీ అంతే లావుగా లేచేదట. అందుకే మామూలుగా ఏడాది, రెండేళ్లు ఆగుతారు. ఆగకూడనివి వేరే ఉన్నాయి. కనురెప్ప మూతపడకపోయినా, నోరు తెరుచుకోకపోయినా, మెడ ఛాతీకి అతుక్కుపోతున్నా, వేళ్లు మడతపడి కీళ్లు వంకర తిరుగుతున్నా మచ్చ ముదిరేదాకా చూడరు. మీరు ఏటా తీసుకురండి, పొడుగు సాగే వయసులో జాగ్రత్తగా చూడండి అన్నారు.

తొమ్మిదో ఏట పిల్ల ఒక్కసారిగా పొడుగైంది. కొన్ని నెలల్లోనే గచ్చు మీద మళ్లీ మూడు వేళ్లు దాటింది. సాగదీయడం పెంచినా తగ్గలేదు. చెయ్యి చాపితే మోచేతి మడతలో మచ్చ నులకతాడులా బిగుసుకుని లేచేది. ఈసారి సర్జన్ ఆ తాడుని రెండు వేళ్లతో పట్టుకుని, పక్కనున్న చర్మాన్ని అటూ ఇటూ జరిపి చూశారు. రెండు పక్కలా మెత్తగా జరిగే చర్మం ఉంది, కాబట్టి జెడ్ ప్లాస్టీ సరిపోతుంది అన్నారు. మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. తాడు పొడుగునా ఒక కోత, దాని రెండు కొసల నుంచీ ఎదురెదురు దిక్కులకి రెండు ఏటవాలు కోతలు. అలా ఏర్పడ్డ రెండు త్రికోణాల్ని ఒకదాని చోటికి ఇంకొకటి మారుస్తారు. పక్కనున్న వదులు చర్మం నిలువు పొడుగుగా మారుతుంది. తాడు తీసెయ్యడం కాదు, దాని గీత మార్చడం. అదే మచ్చ వెడల్పుగా పరుచుకుని పక్కన మంచి చర్మం లేకపోతే, తొడ నుంచో ఇంకెక్కడి నుంచో చర్మం తీసి అతకాలి. అతికిన చర్మం కూడా కుంచించుకుంటుంది, మళ్లీ నెలల తరబడి స్ప్లింటు, స్లీవు తప్పవు.

వేసవి సెలవుల్లో మత్తిచ్చి చేశారు. కట్టు విప్పిన రోజున ఒక త్రికోణం కొస గోరంత మేర నల్లబడి ఉంది. మచ్చలో రక్తప్రసారం తక్కువ కాబట్టి కొసలు అలా అవుతుంటాయట. పైకి పాకితేనో, చీము వాసన వస్తేనో వెంటనే రమ్మన్నారు. పాకలేదు, డ్రెస్సింగులతోనే ఊడిపోయి మానింది. కుట్లు రెండు వారాలకి తీశారు. ఇంకో వారం ఆగి మళ్లీ పాత పనే, తువ్వాలు చుట్ట, ముప్ఫై లెక్క, రాత్రి స్ప్లింటు. ఈసారి పిల్ల తనే లెక్కబెట్టుకుంటోంది.

ఇప్పుడు కుడి మణికట్టు గచ్చుకి ఆనుతుంది. మచ్చ ఉంది, ముంజేతి మీద రంగు తేడా ఉంది, ఎండలోకి వెళ్తే పొడుగు చేతుల చొక్కా వేస్తాం. పొడుగు ఎదగడం ఇంకా అయిపోలేదు కాబట్టి ఆరు నెలలకోసారి కాకినాడ వెళ్తున్నాం. నెలకోసారి గచ్చు మీద చూస్తున్నాం. రెండు వేళ్లు దాటి, నెల రోజులు సాగదీసినా తగ్గకపోతే తేదీ కోసం చూడకుండా ముందే రమ్మన్నారు.