బావిలో గులకరాళ్ల చప్పుడు

మే నెలలో ఒక రాత్రి తమ్ముడు కువైట్‌కు ఫోను చేశాడు. "అన్నా, పంపులో రాళ్లు పడ్డట్టుంది, విను" అంటూ ఫోనును పంపు దగ్గర పెట్టాడు. పొదలకూరు దగ్గర మా నిమ్మతోట బావి అది. డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుంది. అది రాళ్ల చప్పుడు కాదని వినగానే తెలిసింది.

ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది ఇదే చప్పుడు విని బేరింగు పోయిందనుకున్నాను. బేరింగు మార్చినా చప్పుడు ఆగలేదు. ఫోర్‌మన్ నీరు లోపలికి వచ్చే సక్షన్ వైపు జాలీ విప్పిస్తే, తుప్పు పెళ్లలతో మూసుకుపోయి ఉంది. పంపు లోపల తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్‌లో, నీరు ప్రవేశించే చోట రెక్కలు చెద తిన్న చెక్కలా ఉన్నాయి. దాన్ని కావిటేషన్ అంటారని ఆ రోజే విన్నాను.

పంపు నీటిని పీలుస్తుందంటాం కానీ, నీటిని పైకి తోసేది బావిలోని నీటి మీద ఉన్న గాలి బరువే. సముద్ర మట్టం దగ్గర అది సుమారు 10.3 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. ఇంపెల్లర్ ముఖద్వారం దగ్గర ఒత్తిడి మరీ తగ్గితే, నీరు వేడెక్కకుండానే మరిగి బుడగలవుతుంది. రెక్కల మీద ఒత్తిడి పెరిగే చోటికి చేరగానే ఆ బుడగలు చితికిపోతాయి. ఆ దెబ్బలకే లోహం రేణువులుగా రాలుతుంది.

తమ్ముడి చేత తాడు వేయించి కొలిపించాను. జనవరిలో పంపుకు 4 మీటర్ల కింద ఉన్న నీరు 6 మీటర్లకు దిగిపోయింది. 10.3 లోంచి ఆ 6, ఫుట్ వాల్వు, పైపుల రాపిడికి సుమారు 1, నీటి ఆవిరి ఒత్తిడికి 0.4 తీసేస్తే, ముఖద్వారం దగ్గర నీరు మరగకుండా ఆపే ఒత్తిడిగా మిగిలింది 2.9 మీటర్లు. పంపు కాగితంలో కనీసం 3.5 కావాలని ఉంది. జనవరిలో మనకు 4.9 ఉండేది, అందుకే అప్పుడు చప్పుడు లేదు.

"డెలివరీ వాల్వు కొంచెం మూసి చూడు" అన్నాను. చప్పుడు తగ్గింది. ప్రవాహం తగ్గితే రాపిడీ, పంపు అవసరమూ రెండూ తగ్గుతాయి. బేరింగు లోపమైతే సాధారణంగా ఇలా తగ్గదు. పొరపాటున కూడా సక్షన్ వైపు బిగించవద్దని గట్టిగా చెప్పాను. అలా చేస్తే ముఖద్వారం దగ్గర ఒత్తిడి ఇంకా పడిపోతుంది.

అది రెండు రోజులకే సరిపడే ఉపాయం. తోటకు నీరు తగ్గుతుంది కదా. మూడో రోజు చైన్ పుల్లీ తెచ్చి, పంపును 2 మీటర్లు కిందనున్న గట్టుకు దింపారు. ఎత్తిపోయాల్సిన మొత్తం ఎత్తు మారలేదు, సక్షన్ వైపు భారం మాత్రం డెలివరీ వైపుకు మారింది. చప్పుడు పోయింది.

వానలకు బావి నిండితే మునిగిపోకుండా పంపును మళ్లీ పైకి ఎత్తాలి. అందుకే బావిలో మీటరుకో ముడి వేసిన తాడు వేలాడదీశాడు. ఇప్పుడు ఆదివారం ఫోను చేస్తే, అమ్మ ఆరోగ్యం చెప్పగానే నీరు ఎన్నో ముడి దగ్గరుందో చెబుతున్నాడు.