రూపాయల్లో కట్టినందుకు రెండు కోతలు

సింగపూర్ నుంచి బెంగళూరుకు తిరిగివచ్చిన నాలుగో రోజు, మారతహళ్లి దర్శినిలో నిలబడి కాఫీ తాగుతూ క్రెడిట్ కార్డు లెక్క చూశాను. హోటల్ బిల్లు 480 సింగపూర్ డాలర్లు. ఆ రోజు వీసా సైటులో డాలరు ధర 64 రూపాయలు, అంటే 30,720 కావాలి. నా కార్డు మీద పడింది 32,256. దాని కింద విదేశీ లావాదేవీ రుసుము మూడున్నర శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ, కలిపి మరో 1,332 రూపాయలు.

బ్యాంకుకు ఫోను చేశాను. ‘సార్, మీ లావాదేవీ రూపాయల్లోనే జరిగింది’ అన్నారు. అలాంటప్పుడు విదేశీ రుసుము దేనికని అడిగితే, ‘హోటల్ విదేశంలో ఉంది కదా సార్’ అన్నారు. రెండు మాటలూ నిజమే. నా జేబుకు చిల్లు పడింది ఆ రెంటి మధ్యనే.

కార్డు మిషన్ల సాఫ్ట్‌వేరు రాసే మా బావ ఆ ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు విషయం విప్పి చెప్పాడు. కార్డు నంబరులోని మొదటి అంకెలను బట్టి అది ఏ దేశపు బ్యాంకుదో మిషను కనిపెడుతుంది. భారతీయ కార్డు అని తెలియగానే ‘రూపాయల్లో కడతారా, ఇక్కడి డాలర్లలోనా?’ అని అడుగుతుంది. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. రూపాయలంటే మారకపు ధర వీసాది కాదు, హోటల్ వైపు బ్యాంకు, దానితో ఒప్పందం ఉన్న కంపెనీ పెట్టేది. నా విషయంలో వాళ్లు వేసుకున్నది 5 శాతం. అందులో హోటల్‌కూ వాటా ఉంటుంది. ‘రూపాయల్లో కనిపిస్తే మనవాళ్లకు ధైర్యం బావా, ఆ ధైర్యానికే ధర’ అని నవ్వాడు. ఇక మన బ్యాంకు, మారకం తాను చేయకపోయినా, వ్యాపారి విదేశంలో ఉన్నాడన్న కారణంతో తన రుసుము తాను వేసుకుంటుంది. నా కార్డు షరతుల్లో ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంది. కాబట్టి పోట్లాడవలసింది బ్యాంకు రుసుము మీద కాదు, ఆ 5 శాతం మీద.

పోట్లాటకు ఆధారం హోటల్ మెయిల్ చేసిన స్లిప్పులోనే దొరికింది. మారకపు ధర 67.20, ‘కరెన్సీ ఎంచుకునే అవకాశం నాకు ఇచ్చారు’ అన్న వాక్యం, సంతకం ఉండవలసిన చోట ఖాళీ. సమయం ఉదయం 9:40. నేను విమానం కోసం తెల్లవారుజామున నాలుగింటికే గది తాళం కార్డును కౌంటరు దగ్గరి పెట్టెలో వేసి వచ్చేశాను. 9:40కి నేను ఆకాశంలో ఉన్నాను. నన్ను ఎవరు అడిగారు? నేనే సంతకం చేసి ఉంటే, లేదా మిషను మీద నేనే రూపాయలు నొక్కి ఉంటే, ఇక్కడితో కథ ముగిసేది.

హోటల్‌నే నేరుగా వాపసు అడుగుదామనుకుంటే బావ ఆపాడు. వాపసు కూడా అది జమ అయ్యే రోజు మారకపు ధరకే వస్తుంది, అందులో మళ్లీ నష్టపోవచ్చు అన్నాడు. అందుకని బ్యాంకు వివాద పత్రం నింపి, డాలర్ల బిల్లు, రూపాయల స్లిప్పు, బోర్డింగ్ పాసు జతచేశాను. కారణం గడిలో ‘తప్పు కరెన్సీ, ఎంపిక ఇవ్వలేదు’ అని స్పష్టంగా రాశాను. ‘ఎక్కువ డబ్బు తీసుకున్నారు’ అని రాసి ఉంటే ఫిర్యాదు వేరే దారిలో పోయేది. వీసాలో ఈ కారణానికి ప్రత్యేకంగా ఒక కోడు ఉంది, 12.3. గడువు 120 రోజులు.

మూడు వారాల తర్వాత 32,256 నా ఖాతాలో తాత్కాలికంగా జమ అయింది. సంబరపడేలోపే హోటల్ మళ్లీ 480 డాలర్లు, ఈసారి డాలర్లలోనే, తీసుకుంది. అది న్యాయమే. ఆ రోజు ధర కొంచెం పెరిగి 30,816 పడింది. దాని మీద బ్యాంకు రుసుము, జీఎస్టీ 1,273. మొదటి లావాదేవీ రద్దయినా దాని 1,332 మాత్రం కదలలేదు! ఒకే బసకు రెండుసార్లు రుసుము. మళ్లీ రాశాను. సమాధానం లేదు. ముప్పై రోజులు దాటితే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేస్తానని ఒక వాక్యం చేర్చి మూడోసారి రాశాక, ఆరు రోజుల్లో వెనక్కి వచ్చింది. అన్నీ పోను మిగిలింది 1,500 రూపాయలకు ఒక్క రూపాయి తక్కువ, రెండు నెలల ఓపిక పెట్టాక.

మొన్న మళ్లీ సింగపూర్ వెళ్లాను. హోటల్‌లో దిగేటప్పుడే కార్డు ఫారం మీద ‘SGD only’ అని రాసి సంతకం చేశాను. కౌంటరులో అమ్మాయి దాన్ని చదివి, నన్నొకసారి చూసి, మిషను తెరను నా వైపు తిప్పింది.