ఐదో కార్డు మార్చబోయి చేయి కాల్చుకున్న సంగతి: జాజ్ పియానో గ్రేడ్ పరీక్షకు నా ప్రిపరేషన్

సికింద్రాబాద్‌లో మాస్టారి ఇంట్లో జరిగిన మాక్ పరీక్షలో నన్ను ముంచింది కష్టమైన స్కేలు కాదు, నేను గొప్పగా నేర్చుకున్నాననుకున్న ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్. టూ-ఫైవ్-వన్ చేతికి వచ్చి, దీని దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం రాస్తున్నాను.

పాట జోసెఫ్ కోస్మా స్వరపరచిన ఆటమ్ లీవ్స్. ఈ మైనర్‌లో రాసిన షీటులో మొదటి మూడు బార్లే జి మేజర్‌లో టూ-ఫైవ్-వన్. రెండో బారులో డి సెవెన్ బదులు ఎ ఫ్లాట్ సెవెన్ పెట్టాలనుకున్నాను:

```
Am7 | D7  | Gmaj7
Am7 | Ab7 | Gmaj7
```

ఈ మార్పు ఎందుకు చెల్లుతుందో మనవాళ్లకు చెప్పడం సులువు. షడ్జమం నుంచి ప్రతిమధ్యమానికి ఆరు అరమెట్లు, అక్కడి నుంచి పై షడ్జమానికీ ఆరే. అంటే ఆ జంటను తిరగేసినా దూరం మారదు. డి సెవెన్‌లో మూడో స్వరం ఎఫ్ షార్ప్, ఏడో స్వరం సి. వాటి మధ్య ఉన్నది ఈ ఆరు అరమెట్ల దూరమే, ట్రైటోన్ అంటే ఇదే. ఎ ఫ్లాట్ సెవెన్‌లోనూ అవే రెండు స్వరాలు, కాకపోతే సి మూడోదవుతుంది, ఎఫ్ షార్ప్ జి ఫ్లాట్ అనే పేరుతో ఏడోదవుతుంది. జి వైపు లాగే బిగువంతా ఆ రెండింటిలోనే ఉంది కాబట్టి కింద బేసు మారినా కార్డు పని మారదు. పైగా బేసు ఎ, ఎ ఫ్లాట్, జి అని అరమెట్టు చొప్పున దిగుతుంది. చెవికి అసలు రుచి అదే. (ఎ ఫ్లాట్ మేజర్ సెవెన్ పట్టుకుంటే ఈ లెక్కంతా కూలిపోతుంది. నేను రెండు వారాలు అదే వాయించాను.)

కుడిచేతికి జి, సి, ఈ; తర్వాత జి ఫ్లాట్, సి, ఈ ఫ్లాట్; ఆపైన ఎఫ్ షార్ప్, బి, డి రాసుకున్నాను. వేళ్లు దాదాపు కదలవు, విడిగా వింటే వెన్నలా ఉంటుంది. ఆ పట్టునే ఎడమచేతికి మార్చి కుడిచేత్తో పాట వాయించేసరికి ఎక్కడో పంటికింద రాయి. ఎక్కడో తెలియక ముందు పెడల్‌ను అనుమానించాను, తర్వాత కీబోర్డునే అనుమానించాను.

చివరికి రెండో బారు మెలడీని ఒక్కో స్వరం ఆపి చూశాను. ముందు బారు నుంచి సాగి వచ్చే సి కొత్త కార్డుకు మూడో స్వరం, హాయిగా ఉంది. డి అనే స్వరం షార్ప్ ఎలెవెన్ అవుతుంది, ఇంకా అందం. చివరి ఎఫ్ షార్ప్ ఏడో స్వరమే. మధ్యలో వచ్చే ఈ అనే స్వరం దగ్గర మాత్రం కింద నేను పట్టుకున్న ఈ ఫ్లాట్ ఉంది. ఆక్టేవు మీద అరమెట్టు ఎడం, అంటే మైనర్ నైన్త్. రాయి అదే. తప్పు కార్డుది కాదు, అందులో నేను అనవసరంగా ఉంచిన ఐదో స్వరానిది. దాన్ని తీసేసి ఎడమచేతిలో జి ఫ్లాట్, సి మాత్రమే ఉంచితే మెలడీలోని ఈ అనే స్వరం ఫ్లాట్ థర్టీన్‌గా వినిపించి, పదునుగానే ఉన్నా గుచ్చుకోదు. అందుకే ఇప్పుడు ఏ పాటలోనైనా సబ్‌స్టిట్యూషన్ పెట్టేముందు ఆ బారులోని మెలడీ స్వరాలను కొత్త కార్డుతో ఒక్కొక్కటిగా మోగించి చూస్తున్నాను.

మాక్ రోజు దెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది. మాస్టారు ట్రాక్ పెట్టారు. అందులో బేసు మామూలుగా డి వాయిస్తోంది. నేను ఎడమచేత్తో లోతైన ఎ ఫ్లాట్ నొక్కాను. కింద బురద! మాస్టారు ట్రాక్ ఆపి, "ఆ ఎ ఫ్లాట్ వదిలేసి మిగతాది వాయించమ్మా" అన్నారు. ఎడమచేతిలో ఆ రెండు స్వరాలే ఉంచి, కుడిచేత్తో బి ఫ్లాట్, ఎఫ్ తాకాను. నా దృష్టిలో అవి ఎ ఫ్లాట్ సెవెన్‌కు తొమ్మిది, పదమూడు. బేసు డి కాబట్టి గదిలో వినిపించింది మాత్రం ఫ్లాట్ థర్టీన్, షార్ప్ నైన్ ఉన్న డి సెవెన్, అంటే ఆల్టర్డ్ కార్డు. రెండూ ఒకే స్వరాల గుంపు; దానికి ఏ పేరు పడుతుందో తేల్చేది బేసు. సోలోకు కూడా అందుకే ఒక్క స్కేలు చాలింది: ఈ ఫ్లాట్ మెలోడిక్ మైనర్, ఆరోహణ రూపం.

ట్రాకుతో వాయించేటప్పుడు రూటు వదిలేయడం, ఒంటరిగా వాయించేటప్పుడు బేసు దిగడం వినబడేలా రూటు నొక్కడం అలా అలవాటయ్యాయి. ఒంటరిగా వాయించినా మొదటిసారి డి సెవెన్‌నే ఉంచి, అదే వరుస మళ్లీ వచ్చే పదో బారులో మారుస్తాను. అసలు దారి వినకముందే పక్కదారి పట్టిస్తే వినేవారికి అది పక్కదారని తెలియదు.

ఆరో బారులో బి సెవెన్ బదులు ఎఫ్ సెవెన్ పెట్టి చూడండి. మెలడీలో సి షార్ప్ వచ్చినప్పుడు మీ ఎడమచేతిలో సి ఉంటే, అదే రాయి మళ్లీ తగులుతుంది.