చీటీలు కలిపితే బయటపడిన సంగతి (నా అనుభవం)

నిన్న రాత్రికి నా కవిత పూర్తయింది. అయిదు నెలల కిందటే అయిపోయిందనుకుని నలుగురికీ చదివి వినిపించిన కవితే ఇది, నిజంగా అయింది మాత్రం నిన్ననే. మంట చల్లారక ముందే రాసేస్తున్నా, లేకపోతే రేపటికి నేనేదో తెలివిగా దిద్దుకున్నట్టు కథ అల్లేస్తాను.

విషయం మామిడి. మాది చిత్తూరు పక్క పల్లె, నేనుండేది తిరుపతిలో. మొన్నటి సీజన్లో నాయన తోతాపురి కాయలు ట్రాక్టర్లో వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు వరసలో ఉన్నాడు. ఒక రాత్రి నేనూ ఉన్నాను. తిరిగొచ్చిన వారానికి కవిత వచ్చింది, అయిదు చరణాలు. మొదటిదీ చివరిదీ ఒక్క కూర్చోడంలో వచ్చాయి, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. మొదటిది ఇది:

తోతాపురి లోడుతో
ఫ్యాక్టరీ గేటు ముందు
నాయన రెండు రాత్రులు నిలబడ్డాడు
చివరికి మిగిలింది డీజిల్ ఖర్చు

చివరిదేమో, ఇంటికొచ్చి ఖాళీ ట్రాలీ కడుగుతుంటే మూలలో ఒక టెంక దొరకడం, నాయన దాన్ని తీసుకెళ్ళి గట్టు మీద నాటడం. ఇది బాగుందని అందరూ అన్నారు, నాకూ తెలుసు బాగుందని.

మధ్య మూడూ ఇవి:

ట్రాక్టర్ల వరుస
కొండచిలువలా పడుకుంది
తారు రోడ్డు
పెనంలా కాలింది

నాయన ముఖం
ఎండిన చెరువులా ఉంది
ఆయన చేతులు
బీడులా పగిలాయి

ఆకలి
కుక్కలా మొరిగింది
రాత్రి
రాయిలా కదల్లేదు

ఒక పత్రికకు పంపితే "మధ్యలో బిగువు తగ్గింది" అని ఒకే ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. ఎక్కడ తగ్గింది, ఎందుకు తగ్గింది అని లేదు. బిగువు లేదని చెప్పడానికి సంపాదకుడెందుకు, మా పక్కింటాయన కూడా చెప్తాడు. స్నేహితులకు చూపిస్తే "సూపర్ అన్నా" అన్నారు. డబ్బు కట్టి రెండు రోజుల కవిత్వ శిబిరానికి కూడా పోయాను, అక్కడ ఇంకా అనుభూతి చెందమన్నారు. రాత్రంతా కుళ్ళిన కాయల పక్కన కూర్చున్నవాడికి ఇంకేం అనుభూతి కావాలో నాకర్థం కాలేదు.

సరే, బిగువు కదా, పెంచుదామని నా అంతట నేనే పెంచాను. "కాలింది" తీసి "భగ్గుమంది" పెట్టాను, ఎక్కడో నెత్తురు తెచ్చాను, నాలుగో చరణంలో నాయనకూ వాచ్‌మన్‌కూ గొడవ పెట్టాను. జరగని గొడవ. చదువుకుంటే గొంతు పెరిగింది తప్ప కవిత కదల్లేదు. ఆ గొడవ ఏ చరణంలో మొదలైందో ఆ చరణంలోనే ముగిసిపోతోంది, తర్వాతి చరణానికి దాంతో పనే లేదు. అప్పుడు ఇంత స్పష్టంగా తెలీదులెండి, నెత్తురు మాత్రం తీసేశాను.

ఇక అసలు అవమానం. తిరుపతిలో నెలకోసారి పదిపన్నెండు మందిమి ఒకరింట్లో కూర్చుని చదువుకుంటాం. దానికి ఒక రిటైర్డు తెలుగు మేష్టారు వస్తారు. పద్యం మనిషి, వచన కవిత అంటే మూతి ముడుస్తారని పేరు. నేను చదవడం అయ్యాక "ఏమబ్బా, ఆ కాయితం ఇట్లియ్యి" అన్నారు. మధ్య మూడు చరణాలనూ మూడు చీటీల మీద తన చేత్తో ఎక్కించారు, పిల్లలు దొంగా పోలీసు ఆటలో కలిపినట్టు గుప్పిట్లో కలిపి నా చేతికిచ్చి, "ఈ వరసలో మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. "ఇప్పుడు చెప్పు, ముందు చదివిన వరస ఇదేనా, వేరేదా?" అని అందరినీ అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. అంతవరకూ ఫర్వాలేదు. "నువ్వు చెప్పు, రాసినోడివి కదా" అన్నారు నన్ను. నిజం చెప్తున్నా, ఆకలి ముందా ముఖం ముందా అని నాకూ గుర్తు రాలేదు. ఒకాయన పకపకా నవ్వాడు. ఆయన పోయిన నెల చదివిన కవితలో "వెన్నెల" పదకొండు సార్లు వచ్చింది, నేను నవ్వలేదు.

చరణాలు ఎటు మార్చినా కవితకు ఏమీ కాలేదంటే ఒకదాని మీద ఇంకొకటి ఆధారపడలేదని అర్థం. అవి మెట్లు కావు, పక్కపక్కన పరిచిన చాపలు. వినేవాడు మొదటి చాప మీదే కూర్చుండిపోతాడు.

నాకు రోషం వచ్చింది. "సార్, సీసపద్యంలో కూడా నాలుగు పాదాలు ఒకే మాటను నాలుగు రకాలుగా చెప్తాయి కదా, మరి అదెందుకు సడలదు?" అన్నాను. గెలిచాననే అనుకున్నాను. ఆయన నవ్వి, పోతన "మందార మకరంద" పద్యం చదువు అన్నారు. మనందరికీ నోటికొచ్చేదే. తుమ్మెద పోతుందా, రాయంచ పోతుందా, కోయిల చేరుతుందా, చకోరం పోతుందా అని నాలుగు పాదాలూ నాలుగు ప్రశ్నలు. "ఇవన్నీ ఎవరి గురించి?" అన్నారు. ప్రహ్లాదుడి మనసు గురించి అన్నాను. "ఆ మాట ఎక్కడొచ్చింది?" కింద తేటగీతిలో, "చిత్తమేరీతి నితరంబు జేరనేర్చు" దగ్గర. "అదీ. నాలుగు పోలికలు చెప్పేదాకా పోల్చేది దేన్నో దాచిపెట్టినాడు. ప్రశ్న వేసి జవాబు కిందికి జరిపినాడు, అందుకని చెవి ఆగి ఉంటుంది. నువ్వేం చేసినావు? డీజిల్ ఖర్చే మిగిలిందని మొదటి చరణంలోనే చెప్పేసి, తరవాత ఆరు పోలికలు కుప్ప పోసినావు. ఏం జరిగిందో తెలిసిపోయినాక ఎట్లుందో ఎవరికి కావాలబ్బా?"

ఇంటికొచ్చేదాకా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. బండి స్టాండు వేస్తుంటే అర్థమైంది ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజమని.

మర్నాడు మొదటి చరణంలో చివరి పాదం కొట్టేశాను. డీజిల్ ఖర్చు మొదట చెప్పకపోతే వినేవాడికి ఒక ప్రశ్న మిగులుతుంది, కాయలు లోపలికి పోయాయా లేదా అని. ఆ ఒక్క కొట్టివేతతోనే మధ్య భాగానికి సగం ప్రాణం వచ్చింది, అక్కడ ఇంకా ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు చూడండి. మధ్యలో జబ్బుంటే మధ్యలోనే వెతుకుతాం, నాకు మాత్రం ముల్లు మొదటి చరణంలో దొరికింది.

మిగతా సగం కష్టం. ఆరు వాక్యాలూ ఒకే అచ్చు: ఒక వస్తువు, దానికి "లా" తగిలించిన పోలిక, చివర "ఉంది", "పగిలాయి", "మొరిగింది". రెండోసారికే చెవి కనిపెట్టేస్తుంది, మూడోసారి నుంచి వినదు. ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాను, మధ్యలో నేనే గబగబా చదివేస్తున్నాను, అంటే నాకే విసుగు. పైగా ఈ పోలికల్లో గంటలు గడవడం లేదు. రెండు రాత్రులని రాశాను గానీ, అంతా ఒక ఫొటోలా నిలబడి ఉంది.

అప్పుడు పోలికలన్నీ మూసేసి ఆ రాత్రి నేను నిజంగా చూసింది గుర్తు చేసుకున్నాను. ట్రాలీలో అడుగు కాయలు బరువుకు నలిగి, వేడికి మాగి, రసం కారుతుంది. మొదట చుక్క, తర్వాత ధార. ఆలస్యమయ్యేకొద్దీ సరుకు పోతుంది. గడియారం నా కళ్ళ ముందే కారుతుంటే నేను కొండచిలువ గురించి రాశాను! కొండచిలువంటే నాకు చాలా ఇష్టం, అది తీసేసిన రోజు అన్నం సహించలేదు. మారిన మొదటి నాలుగు చరణాలివి:

తోతాపురి లోడుతో
ఫ్యాక్టరీ గేటు ముందు
నాయన
టోకెన్ 214

పొద్దున
61 లోపలికి పోయింది
ట్రాలీ కింద
ఒక చుక్క

సాయంత్రం 118
నాయన అడుగున చెయ్యి దూర్చి
ఒక కాయ తీసి వాసన చూసి
మళ్ళీ అక్కడే పెట్టేశాడు
నాకేం చెప్పలేదు

రెండో రాత్రి
190 దగ్గర గేటు మూశారు
కింద చుక్క కాదు
ధార
ఈగలకు టోకెన్ అక్కర్లేదు

తర్వాత కాటా చరణం ఒకటి కొత్తగా వచ్చింది, ఏరి పక్కన పోసిన నాలుగు గంపల కాయలతో. డీజిల్ ఖర్చు అక్కడికి దిగింది. ఆపైన టెంక, దాన్ని ముట్టుకోలేదు.

పోయిన ఆదివారం మళ్ళీ చదివాను. చీటీలు కలపమని నేనే అన్నాను, గర్వంగానే. మేష్టారు కలపలేదు. "నంబర్లుంటే చిన్నపిల్లోడు కూడా వరస చెప్తాడు, అవి తీసేసి చదువు" అన్నారు. 61, 118, 190 మింగేసి చదివాను. చుక్క, ధార నిలబడ్డాయి. మూడో చరణం మాత్రం ఊగింది, అందులో చుక్క మాటే లేదు కాబట్టి ముందుకు జరిపినా నడిచేట్టుంది. మూడు రోజులు కుస్తీ పట్టి, నిన్న రాత్రి "మళ్ళీ అక్కడే పెట్టేశాడు" తర్వాత "వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు" అని ఒక పాదం చేర్చాను. తడి చుక్క నుంచి వేళ్ళకు ఎక్కింది, అక్కణ్ణించి ధార అయింది. ఇప్పుడు నంబర్లు లేకపోయినా జరగదు.

ఈ చీటీల పరీక్షను అన్నిటికీ పెట్టకండి. శతకంలో పద్యాలు ఏ వరసలో చదివినా నష్టం లేదు, ఒక్కోటి దేనికది ముక్తకం. వచన కవితలోనూ కథ నడవకుండా ఒకే భావం చుట్టూ తిరిగేవి ఉంటాయి, వాటిని ఇలా కలిపి తప్పు పట్టడం అన్యాయం. మనిషి ఒకచోట బయల్దేరి ఇంకోచోటికి చేరే కవితకే ఇది. నా వెన్నెల మిత్రుడి కవితకు కూడా పెట్టి చూశాను, ఫలితం ఇక్కడ చెప్పను.

ఈ పొద్దున నాయనకు ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "మన టోకెన్ 241 గదరా, 214 అని రాసినావే" అన్నాడు. వాసన చూసిన చరణం గురించి ఏమీ అనలేదు. 214 అలాగే ఉంచాను, నోటికి అదే బాగుంది.